పసుపు లోహపు ముద్ద సాంద్రత 1.13 వచ్చింది, ఎక్కడ తప్పు చేశానో చెప్పండి

గుండుసూది
పాత సామాన్ల డబ్బా సర్దుతుంటే పసుపు రంగు లోహపు ముద్ద ఒకటి దొరికింది, పెద్ద గోలీ కంటే ఇంకాస్త లావుగా ఉంటుంది, పైన చిన్న మెడలాగా ఉంది, కింద మరలు తీసిన గుంత ఉంది. దేనిదో తెలీదు, ఏదో పిడిది అయ్యుంటుంది. చూడ్డానికి ఇత్తడే అనిపిస్తోంది కానీ ఊరికే అనుకోవడం ఎందుకు, గాల్లో తూచి నీళ్లలో తూచి సాంద్రత కడదాం అని కూర్చున్నా.

నా దగ్గర ఉన్నది 1 గ్రాము వరకే చూపించే వంటింటి డిజిటల్ స్కేలు. గాల్లో 143 గ్రా. తర్వాత గ్లాసులో కొంచెం వెలితిగా నీళ్లు పోసి స్కేలు మీద పెట్టి సున్నా నొక్కా. అటో పుస్తకాల దొంతర ఇటో పుస్తకాల దొంతర పెట్టి మధ్యలో స్కేల్‌బద్ద అడ్డంగా వేసి, దానికి దారం కట్టి ముద్దని నీళ్లలోకి దించా. పూర్తిగా మునిగింది, అడుక్కి తగల్లేదు, గోడలకీ తగల్లేదు. స్కేలు 17 చూపించింది.

అంటే నీళ్లలో బరువు 17. తగ్గింది 126. 143 ÷ 126 = 1.13. ఇది ప్లాస్టిక్ సాంద్రత కదా? చేతిలో పెట్టుకుంటే రాయిలాగా బరువుగా ఉంది. మూడుసార్లు చేశా, మూడుసార్లూ 17 వచ్చింది.

సూత్రధారి
సూత్రం కరెక్టే వాడారు. గాల్లో బరువుని, బరువులో తగ్గుదలతో భాగించాలి. తప్పు నీళ్ల దగ్గర ఉంది. నీటి సాంద్రత 1 అనేది 4 డిగ్రీల దగ్గర మాత్రమే, మామూలు నీళ్లు వాడితే లెక్క తప్పుతుంది. ఐసు వేసి చల్లబరిచి చేయండి. ఇంకోటి, ఎంత లోతుకి దించారు? లోతు పెరిగేకొద్దీ పీడనం పెరుగుతుంది కాబట్టి పైకి నెట్టే బలం కూడా పెరుగుతుంది, నీళ్ల పైభాగంలోనే ఉంచాలి.

మెరుపుతీగ
దీనికి ఇంత కష్టం ఎందుకండీ, బ్యాటరీ యాసిడ్ చూసే హైడ్రోమీటర్ ఉంటుంది కదా, అది నీళ్లలో వేస్తే రీడింగ్ నేరుగా వచ్చేస్తుంది.

తక్కెడ
మెరుపుతీగ గారు, హైడ్రోమీటర్ చూపించేది ద్రవం సాంద్రత. ఆయనకి కావాల్సింది ఆ ముద్దది. నీళ్లలో వేస్తే నీళ్ల సంగతే చెబుతుంది.

గుండుసూది గారు, మీరు చేసిన పని శుభ్రంగా ఉంది, రీడింగ్ కూడా సరిగ్గానే ఉంది, ఆ 17కి పెట్టిన పేరు ఒక్కటే తప్పు. 17 అనేది నీళ్లలో బరువు కాదు. అదే తగ్గుదల.

గాల్లో బరువు, నీళ్లలో బరువు అని పుస్తకాల్లో చెప్పే పద్ధతిలో వస్తువు త్రాసుకి వేలాడుతుంది, నీళ్ల పాత్ర కింద విడిగా ఉంటుంది, త్రాసుకి దానితో సంబంధం ఉండదు. అప్పుడు త్రాసు చూపేది దారం లాగుతున్న బరువు. మీరు తిరగేసి చేశారు, స్కేలు మీద ఉన్నది నీళ్లు, వస్తువు వేలాడుతున్నది పుస్తకాలకి. కాబట్టి మీ స్కేలుకి దారం సంగతి తెలీదు. దానికి తెలిసేది ఒక్కటే, నీళ్లు ఆ ముద్దని పైకి ఎంత నెడుతున్నాయో అంతే బలంతో ముద్ద నీళ్లని కిందకి నొక్కుతోంది, ఆ నొక్కుడు గ్లాసు అడుగు మీదుగా స్కేలుకి చేరుతోంది. అది 17. మిగతా 126 గ్రాములు మీ స్కేల్‌బద్ద మోస్తోంది.

ఇప్పుడు 143 ÷ 17 చేసి చూడండి.

గుండుసూది
8.41!! నేను మొత్తం తలకిందులుగా లెక్కేశానన్నమాట. ఇత్తడి 8.4 నుంచి 8.7 అని ఉంది, సరిపోయింది. థాంక్యూ తక్కెడ గారు.

సూత్రధారి
ఒక్క నిమిషం. ఇది నాకు మింగుడు పడట్లేదు. ముద్ద బరువంతా దారం మీద, దారం పుస్తకాల మీద ఉన్నప్పుడు స్కేలు మీద కొత్తగా ఏ బరువూ పడకూడదు కదా. గ్లాసులో ఉన్నవి అవే నీళ్లు, అదే గ్లాసు. మరి 17 పెరగడం ఏంటి? ముద్ద ఎక్కడో అడుక్కి తగిలి ఉంటుందని నా అనుమానం.

తక్కెడ
గ్లాసు నీళ్లు స్కేలు మీద పెట్టి, సున్నా నొక్కి, మీ చూపుడు వేలు రెండు కణుపుల దాకా నీళ్లలో ముంచండి. అడుక్కి తగలనివ్వకండి. వేలు మీ చేతికే ఉంది, చేయి మీ భుజానికే ఉంది, అయినా స్కేలు ఎంత చూపిస్తుందో చెప్పండి.

సూత్రధారి
9 చూపించింది. వేలు తీస్తే 0 అయింది. మళ్లీ ముంచితే మళ్లీ 9.

సరే. ఒప్పుకుంటున్నా. అంటే మునిగిన నా వేలు 9 సీసీ ఉందనా?

తక్కెడ
సుమారుగా అంతే. నీటిమట్టం పైకి లేచింది కదా, గ్లాసు అడుగుకి సంబంధించినంతవరకు ఇప్పుడు నీళ్లు ఎక్కువ ఎత్తున ఉన్నాయి. వేలు ఆక్రమించిన చోట నీళ్లే ఉన్నట్టు లెక్క. ఆ చోట ఇనుముందా వేలుందా అనేది అడుక్కి అనవసరం.

లోతు గురించి కూడా చెప్పేస్తా. లోతుకి వెళ్తే పీడనం పెరిగే మాట నిజమే, కానీ వస్తువు కింద ఎంత పెరుగుతుందో పైన కూడా అంతే పెరుగుతుంది. పైకి నెట్టేది ఆ రెండింటి తేడా, అది మారదు. గుండుసూది గారు దారాన్ని ఒక రెండు సెంటీమీటర్లు దించి చూస్తే 17 అలాగే ఉంటుంది. నీటి చల్లదనం సంగతి మాత్రం పూర్తిగా కొట్టిపారెయ్యను, కానీ అది వెయ్యికి మూడు నాలుగు పాళ్ల వ్యవహారం. 8ని 1 చేసేంత శక్తి దానికి లేదు.

గుండుసూది
దించి చూశా, 17 అలాగే ఉంది. ఇంకా దించితే అడుక్కి తగిలింది, తగిలిన వెంటనే 40కి ఎగిరింది, దారం వదులైతే మొత్తం 143 అయింది. సో తగిలితే దాక్కోవడం కుదరదు, వెంటనే తెలిసిపోతుంది.

అరక్షణం
నేనూ ఇప్పుడే ఒక స్టీలు బోల్టుతో చేశా. గాల్లో 88 గ్రా. నీళ్లలో వేలాడదీస్తే కూడా 88. తగ్గుదల 88 అయితే సాంద్రత 1, నీళ్లంతే. కానీ బోల్టు మునిగింది కదా?? నా స్కేలు పాడైందా?

తక్కెడ
బోల్టు దేనికి వేలాడుతోంది?

అరక్షణం
దారానికి. దారం పుల్లకి కట్టా. పుల్ల గ్లాసు అంచు మీద

ఓహ్.

తక్కెడ
అదే. పుల్ల గ్లాసు మీద ఉంటే గ్లాసే మోస్తోంది, గ్లాసు స్కేలు మీద ఉంది. వేలాడదీసే ఏర్పాటంతా స్కేలుకి బయట నిలబడాలి.

తక్కెడ
గుండుసూది గారు, మీకు ఇందాకే చెప్పాల్సింది. 8.41 అని ఆ చివరి అంకెలు రాసుకోకండి ఇప్పుడే. మీ స్కేలు 1 గ్రాము దాకానే చూపిస్తుంది, అంటే 17 అన్నప్పుడు అది 16.5కీ 17.5కీ మధ్య ఏదైనా కావచ్చు. 143 ÷ 17.5 అయితే 8.2 దగ్గర, 143 ÷ 16.5 అయితే 8.7 దగ్గర. ఇత్తడి మొత్తం ఆ మధ్యలో ఉంది నిజమే, కానీ ఇంకా చాలా మిశ్రమాలు కూడా అక్కడే ఉన్నాయి. 143లో అర గ్రాము అటూ ఇటూ అయితే ఫలితం పెద్దగా కదలదు, 17లో అర గ్రాము అటూ ఇటూ అయితే నూటికి మూడు పాళ్లు కదులుతుంది. ఇబ్బందంతా ఆ చిన్న అంకెలోనే ఉంది. ఎవరి దగ్గరైనా 0.01 గ్రాము చూపే చిన్న స్కేలు ఉంటే అడిగి తెచ్చుకోండి, కాకపోతే అవి ఎక్కువ బరువు మోయవు, గ్లాసు నీళ్లు పెడితే ఎర్రర్ చూపిస్తాయి. చిన్న ప్లాస్టిక్ కప్పు వాడాలి.

ఇసుకరాయి
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది రాళ్ల పిచ్చి. ఇదే పద్ధతిలో ఒక గరుకు రాయి తూచా, 0.1 గ్రా స్కేలు. పొడిగా గాల్లో 61.2. నీళ్లలోకి దించగానే 27.5 లాగా చూపించింది, సరే రాసుకుందాం అనుకునేలోపే 27.1, 26.8... అలా దిగుతూనే ఉంది. రాయి నుంచి సన్నగా బుడగలు వస్తూనే ఉన్నాయి, వరసగా దారం కట్టినట్టు. అరగంట కూర్చున్నా, 24.1 దాకా వచ్చింది ఇంకా దిగుతోంది. ఏ అంకె రాసుకోవాలి?

సరే అని రాత్రంతా వేరే గిన్నెలో నానబెట్టి, పొద్దున తీసి తడిగుడ్డతో తుడిచి, మళ్లీ కప్పులో వేలాడదీశా. ఇప్పుడు కదలకుండా 27.8 చూపిస్తోంది! దిగుతూ దిగుతూ 24కి వచ్చింది నానబెడితే పైకి పోవడం ఏంటండీ, పిచ్చెక్కుతోంది.

తక్కెడ
ఇది చాలా మంచి రీడింగు, పారేయకండి. నానిన రాయిని తుడిచాక గాల్లో ఎంత తూగింది? అది చూసుంటే చెప్పండి.

ఇసుకరాయి
66.0

తక్కెడ
అయితే రాయి 4.8 గ్రాముల నీళ్లు తాగింది. ఇక రెండు రోజుల తేడా చూడండి. మొదటిరోజు రాయి పొడిగా వెళ్లింది, అది తాగిన నీళ్లు మీ కప్పులోవే. సున్నా నొక్కేటప్పుడు కప్పులో ఉన్న నీళ్లు కొంచెం కొంచెంగా రాయిలోకి ఎక్కి దారానికి వేలాడసాగాయి, ఆ మేరకు స్కేలు మీద బరువు తగ్గుతూ వచ్చింది. అలా వదిలేస్తే ఎక్కడ ఆగేదో లెక్క కట్టొచ్చు, 27.8లో 4.8 పోతే 23.0.

రెండోరోజు రాయి కడుపు నిండా తాగేసి వచ్చింది, అదీ వేరే గిన్నెలో నీళ్లు. మీ కప్పులోంచి ఒక్క చుక్క తీసుకోలేదు. అందుకని రంధ్రాలతో సహా రాయి మొత్తం ఆక్రమించిన చోటు ఎంతో అంత చూపించింది, 27.8.

రెండూ నిజమే. 61.2 ÷ 27.8 చేస్తే 2.20, అది రంధ్రాలతో కలిపి రాయి సాంద్రత. 61.2 ÷ 23.0 చేస్తే 2.66, అది రంధ్రాలు తీసేస్తే మిగిలే గట్టి పదార్థానిది. గోడకి ఎంత బరువు పడుతుంది అని అడిగితే మొదటిది, ఏ ఖనిజం అని అడిగితే రెండోది.

ఇసుకరాయి
2.66! ఇసుకలో ఉండే క్వార్ట్జ్ స్ఫటికం 2.65 కదా. నా పేరు సార్థకం.

తక్కెడ
ఇసుకరాయే కావచ్చు. కానీ ఆ అంకె పరిసరాల్లోనే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఉంది, కాల్సైటు 2.71 దగ్గర ఉంది, ఈ ఒక్క కొలతతో అంత తేడా ఖాయంగా చెప్పలేం. ఒక చుక్క పలుచని యాసిడ్ వేసి పొంగుతుందేమో చూస్తే కాల్సైటు సంగతి తేలుతుంది. ఇంకో మాట, రాత్రి నానబెడితే అన్ని రంధ్రాల్లోకీ నీళ్లు వెళ్లాయని హామీ లేదు, లోపల చిక్కుకున్న గాలి ఉంటే అసలు 2.66 కంటే ఎక్కువే ఉంటుంది.

గుండుసూది
తిరిగొచ్చా. 0.01 స్కేలు దొరికింది, 200 గ్రా వరకు మోస్తుంది. చిన్న కప్పు, నీళ్లు కలిపి 150 దాటకుండా చూసుకున్నా. ముద్ద గాల్లో 142.63. నీళ్లలో వేలాడదీస్తే 17.42.

142.63 ÷ 17.42 = 8.19. ఇప్పుడు ఇత్తడి లిస్టులోంచి బయటికి వచ్చేసింది!! మంచి స్కేలు తెచ్చి పరిస్థితి ఇంకా చెడగొట్టుకున్నట్టుంది. రెండుమూడు సార్లు చేశా, 17.42, 17.41, 17.42. ఇంత నిలకడగా వస్తోంది కాబట్టి తప్పు అనుకోవడానికి కూడా లేదు.

సూత్రధారి
నేను చెప్పిన ఉష్ణోగ్రత ఇక్కడ పనికొస్తుందేమో? ఇప్పుడు అంకెలు చిన్నవి కదా.

తక్కెడ
పనికొస్తుంది, కానీ మీరు కోరుకునే దిక్కుకి కాదు. వెచ్చటి నీళ్లు 1 కంటే కాస్త తేలిక, కాబట్టి ఆ సవరణ వేస్తే 8.19 ఇంకా కిందకి దిగుతుంది. దాన్ని చివర్లో వేద్దాం.

గుండుసూది గారు, ప్రతిసారీ అదే అంకె వస్తోందంటే ప్రతిసారీ అదే తప్పు జరుగుతోందని కూడా అర్థం చెప్పుకోవచ్చు. మొదటి పోస్టులో మరల గుంత అన్నారు. వేలాడేటప్పుడు ఆ గుంత ఎటు తిరిగి ఉంది?

గుండుసూది
కిందకి. మెడ పైన ఉంది కదా, దారం మెడకి కట్టా. అయితే?

తక్కెడ
గ్లాసుని బోర్లించి నీళ్లలోకి నొక్కితే లోపల గాలి అలాగే ఉండిపోతుంది కదా, మీ గుంతా అంతే. ఆ గాలి కూడా నీళ్లని పక్కకి నెడుతుంది, స్కేలు దాన్ని కూడా లోహం ఖాతాలో రాస్తుంది. గాలికి బరువు దాదాపు లేదు, చోటు ఉంది, అందుకే సాంద్రత తక్కువ వస్తోంది. గుంత కొలతలు చెప్పగలరా?

గుండుసూది
పెన్సిల్ పెట్టి లోతు చూశా, 17 మి.మీ. అడ్డం 6 మి.మీ. ఉంటుంది, మరల వల్ల సరిగ్గా కొలవలేకపోయా.

అంటే 0.3 × 0.3 × 3.14 × 1.7 సెం.మీ. = 0.48 సీసీ. అర సీసీ గాలి. వామ్మో. ఆగండి మళ్లీ చేసి చెబుతా.

తక్కెడ
చేసేటప్పుడు ముద్దని ముందు పక్కకి వాల్చి ముంచండి, గుంతలోంచి పెద్ద బుడగ బుడుక్కున బయటికి రావాలి. తర్వాత మరల మధ్య అంటుకున్న చిన్న బుడగలు ఉంటాయి, అవి వాటంతట అవి రావు. మెత్తటి బ్రష్షు కానీ సిరంజితో అదే కప్పులోని నీళ్ల ధార కానీ వాడండి. కాచి చల్లార్చిన నీళ్లు అయితే కొత్త బుడగలు పుట్టవు, పచ్చి నీళ్లలో కాసేపు ఉంచితే వస్తువు మీద ముత్యాల్లాగా పుడుతూనే ఉంటాయి. గిన్నెలు తోమే సబ్బు ఒకే ఒక్క చుక్క కలపండి, తడి బాగా పట్టుకుంటుంది. నూలు దారం తీసేసి జుట్టంత సన్నటి నైలాన్ దారం కట్టండి, నూలు నీళ్లు పీల్చి పైకి ఎక్కిస్తుంది, దారం చుట్టూ నీళ్లు పట్టుకుని లాగడం కూడా 0.01 స్కేలులో కనిపిస్తుంది. ఫ్యాను ఆపండి. సబ్బు కలిపాకే, ముద్దని ముంచకముందే సున్నా నొక్కండి, సబ్బు తర్వాత కలిపితే ఆ చుక్క బరువు కూడా వచ్చి కూర్చుంటుంది.

అరక్షణం
నా బోల్టు ఇప్పుడు 11 చూపించింది. 88 ÷ 11 = 8.0. స్టీలు 7.9 దగ్గర అన్నారు. నాకిది చాలు, నేను ఇక్కడితో సంతోషంగా రిటైర్ అవుతున్నా.

గుండుసూది
చేశా. వాల్చగానే నిజంగానే బుడుక్కున ఒకటి వచ్చింది, బఠాణీ అంత ఉంది. టార్చి వేసి చూస్తే మరల మధ్య వెండి చుక్కల్లాగా బుడగలు, బ్రష్షుతో దులిపితే ఒక్కోటి పైకి లేచాయి. అన్నీ పోయాక 16.93. పది నిమిషాలు చూశా, 16.93, 16.92 మధ్యే ఉంది.

17.42 − 16.93 = 0.49. గుంత లెక్క 0.48. నాకు ఒళ్లు పులకరించింది నిజంగా.

142.63 ÷ 16.93 = 8.42.

నీళ్లు 27 డిగ్రీలు ఉన్నాయి.

తక్కెడ
27 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత 0.9965. దానితో గుణించండి, 8.40 దగ్గర వస్తుంది. చూశారా సూత్రధారి గారు, 1 గ్రాము స్కేలుతో మీ ఉష్ణోగ్రతకి పని లేదు, ఈ స్కేలుతో రెండో దశాంశం మార్చింది. మీ మాట తప్పు కాదు, తొందరపడి వచ్చింది.

సూత్రధారి
హమ్మయ్య, ఏదో ఒకటి దక్కింది.

అయితే ఇక రాగి ఎంత, జింకు ఎంత అని కూడా తేల్చేయొచ్చు కదా. రాగి 8.96, జింకు 7.14. 8.40 రావాలంటే లెక్క కట్టా, బరువులో రాగి 74 పాళ్లు, జింకు 26 పాళ్లు. కేసు క్లోజ్.

తక్కెడ
లెక్క తప్పు లేదు, నమ్మకం తప్పు. ఒక సీసీ రాగి, ఒక సీసీ జింకు కరిగించి కలిపితే రెండు సీసీల ఇత్తడి రాదు, కొంచెం తక్కువ వస్తుంది. పరమాణువులు దగ్గరగా సర్దుకుంటాయి. 60 పాళ్లు రాగి, 40 పాళ్లు జింకు ఉన్న ఇత్తడికి మీ లెక్క ప్రకారం 8.13 రావాలి, నిజంగా కొలిస్తే 8.4 దగ్గర ఉంటుంది. 70, 30 అయితే 8.5 దాటుతుంది. కాబట్టి నా ఊహ 60, 40 వైపు. మరలు తీసిన ముక్క కదా, తేలిగ్గా కోయడానికి ఆ రకం ఇత్తడిలో కొంచెం సీసం కూడా కలుపుతారు, అది కలిస్తే అంకె ఇంకోలా జరుగుతుంది. ఒకే ఒక్క అంకె పెట్టుకుని రెండు మూడు లోహాల పాళ్లు చెప్పలేం.

మెరుపుతీగ
మరి రాజుగారి బంగారు కిరీటంలో కంసాలి వెండి కలిపిన సంగతి ఆర్కిమెడీస్ ఎలా పట్టాడు? అదీ ఇలాంటి లెక్కే కదా?

ఇసుకరాయి
తొట్టి నిండా నీళ్లు పోసి పొర్లిపోయిన నీళ్లు కొలిచాడనే కథ నాకు ఎప్పుడూ అనుమానమే. 1 కిలో కిరీటం అనుకుందాం. అచ్చ బంగారం అయితే 52 సీసీ, 300 గ్రాములు వెండి కలిపితే 65 సీసీ దాకా. తేడా 13 సీసీ. కిరీటం పట్టాలంటే గిన్నె నోరు కనీసం 20 సెం.మీ. ఉండాలి, అందులో 13 సీసీ అంటే నీటిమట్టంలో అర మిల్లీమీటరు కూడా లేదు. కంటికి ఏం కనిపిస్తుంది? అదే త్రాసుకి కట్టి ముంచితే 13 గ్రాముల తేడా, చిన్నపిల్లాడైనా చూస్తాడు. గెలీలియోకి కూడా ఇదే అనుమానం వచ్చింది, 1586లో, 22 ఏళ్లకి, నీళ్లలో తూచే త్రాసు గురించి చిన్న వ్యాసం రాశాడు.

తక్కెడ
బంగారం, వెండి కలిస్తే ఆ సర్దుకోవడం చాలా తక్కువ, అందుకే అక్కడ సూత్రధారి గారి లెక్క నడుస్తుంది. వెండే కలిపాడని ముందే తెలియాలి, అది వేరే విషయం.

గుండుసూది
మా ముద్దకి అయస్కాంతం అంటుకోలేదు. గుంత అంచు ఆకురాయితో కొంచెం గీశా, లోపల కూడా పసుపే. పూత కాదు. 60, 40 ఇత్తడి అని రాసుకోనా?

సూత్రధారి
నాకొక అనుమానం వచ్చింది, ఈసారి తొందరపడకుండా అడుగుతున్నా. గుంతలో గాలి ఉంటే బయటికి వచ్చింది సరే. పోత పోసినప్పుడు ముద్ద మధ్యలో గాలి బొక్క మూసుకుపోయి ఉంటే? అది బుడుక్కున రాదు కదా.

తక్కెడ
రాదు. మంచి ప్రశ్న. ముద్ద ఇప్పుడు 17 సీసీ ఉంది. అది నిజానికి 70, 30 ఇత్తడి అనుకుంటే 16.7 సీసీ చాలు. మిగతా పావు సీసీ చిల్లర లోపల బొక్క అయ్యుండొచ్చు, 8 మి.మీ. అడ్డం ఉన్న బొక్క, గుంతలోంచి వచ్చిన ఆ బఠాణీ అంతే. బయటి నుంచి ఎంత జాగ్రత్తగా తూచినా ఈ రెండింటికీ తేడా తెలీదు.

గుండుసూది
మరి ఎలా తెలుస్తుంది?

తక్కెడ
కోస్తే తెలుస్తుంది.

గుండుసూది
కోయను. ఇంత దూరం వచ్చాక దీనిమీద మమకారం పుట్టింది. "ఇత్తడి, 8.40, లోపల తెలీదు" అని చీటీ రాసి కట్టేశా.